చెల్లని రెండేళ్ళు

ముందు పోయినవాటి లెక్క రాస్తాను. నెలకు పదహారు వేల జీతం ఉన్న ఒక ఉద్యోగం. ఆ ఉద్యోగం కోసం చేతులు కట్టుకుని కూర్చున్న తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలల్లో అమ్మేసిన స్కూటరు. పదమూడేళ్ళ స్నేహం, దానితోపాటు రోజూ పొద్దున ఒక కప్పు చాయ్‌లోంచి సాసర్లోకి వంచి నాకిచ్చిన సగం. చివరగా, నా సంతకం మీద నాకుండిన భయభక్తులు. ఆ ఆఖరిదాన్ని నష్టం కింద రాయాలో లాభం కింద రాయాలో ఇంకా తేల్చుకోలేదు.

ఇవన్నీ పద్నాలుగు పేజీల ఒప్పందంలోని ఒక్క పేరా వల్ల పోయాయి. ఆ పేరా చట్టం ముందు నిలవదు. నేను సంతకం పెట్టిన రోజూ నిలవదు, మా సేటు నోటీసు పంపిన రోజూ నిలవదు. నిలవని దానివల్ల ఇంత ఎలా పోయిందో చెప్పాలంటే మా చేవెళ్ల దుకాణాల పద్ధతి ఒకటి ముందు చెప్పాలి.

నేను పదో తరగతి దాటలేదు. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. చేవెళ్లలో ఒక సేటు కోళ్ళ దాణా దుకాణంలో గుమాస్తాగా చేరాను. మొక్కజొన్న ధర పెరిగితే ఎంత తగ్గించాలి, బదులుగా నూనె తీసిన సోయా చెక్క ఎంత కలపాలి, తవుడు ఎంత, ఆల్చిప్పల గుల్ల పొడి ఎంత, అయినా కోడి గుడ్డు పెట్టడం మానకూడదు. ఈ లెక్క రైతులు నా దగ్గర చేయించుకునేవారు. సేటు నన్ను పేరు పెట్టి పిలవలేదు ఎప్పుడూ. "ఏం లెక్కలు, చాయ్ తాగినవా?" అనేవాడు. ఆ కప్పులో సగం నాది.

మా బజారులో ఒక గుమాస్తా దుకాణం మారాలంటే చెప్పకుండా పోకూడదు. పాత సేటు దగ్గరికి వెళ్ళి, ఎక్కడికి పోతున్నదీ, ఎప్పటి నుంచి పోతున్నదీ చెప్పాలి. ఆయన రెండు తమలపాకులు, వక్క, వాటి మీద రూపాయి పావలా పెట్టి చేతికిస్తాడు. ఆ తాంబూలం అందితేనే కొత్త దుకాణం గద్దె మీద కూర్చోవచ్చు. అందకుండా కూర్చున్నవాణ్ణి కొత్త సేటు కూడా నమ్మడు. సాధారణంగా ఎవరూ ఇవ్వకుండా ఉండరు. నేను చూసిన పదకొండేళ్ళలో ఒక్కరు కూడా ఆపలేదు.

అప్పుడు సాఫ్ట్‌వేర్ రోజులు మొదలయ్యాయి. మొయినాబాద్ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. పొలాల్లో కాలేజీ బస్సులు తిరుగుతుండేవి. సేటుకు ఆలోచన వచ్చింది. మొయినాబాద్‌లో దాణా గోదాం పైన ఒక గది వేసి, నాలుగు కంప్యూటర్లు కొని, కాలేజీ నుంచి ఇద్దరు కుర్రాళ్ళను పెట్టాడు. నా దాణా లెక్కను ప్రోగ్రాంగా చేసి కోళ్ళ ఫారాలకు అమ్మాలని. కుర్రాళ్ళు అడిగేవారు, నేను చెప్పేవాణ్ణి, వాళ్ళు రాసేవారు. నన్ను పన్నెండు రోజులు అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుకు కూడా పంపాడు. జీతం ఏడున్నర వేలు చేశాడు.

కంపెనీ అన్నాక కాగితాలుండాలని పట్నం కన్సల్టెంట్ ఒకాయన చెప్పాడట. ఆయన ఎక్కడిదో పెద్ద కంపెనీ ఒప్పందం తెచ్చి పేర్లు మార్చి ఇచ్చాడు. ఇంగ్లీషు, పద్నాలుగు పేజీలు. కుర్రాళ్ళలో ఒకడు చదివి చెప్పాడు. తొమ్మిదో పేజీలో ఉన్నది ఇది: ఉద్యోగం మానేశాక రెండేళ్ళపాటు, యాభై కిలోమీటర్ల లోపల, ఇదే రకం వ్యాపారం చేసే ఏ సంస్థలోనూ చేరకూడదు, సొంతంగానూ చేయకూడదు.

"యాభై కిలోమీటర్లంటే పట్నం మొత్తం అందులనే ఉంటది గద సేటూ" అన్నాను.

"నువ్వేడికి వోతవ్ తియ్యి" అన్నాడు సేటు. "నువ్వు పోవుడు, నేను ఆపుడు. గదంత కన్సల్టెంట్ పిచ్చి. జర సంతకం గీకు, కోళ్ళోళ్ళు ఎదురుచూస్తున్నరు."

అన్ని పేజీల మీదా సంతకం పెట్టాను.

రెండున్నరేళ్ళు గడిచాయి. ప్రోగ్రాం అమ్ముడుపోయింది, కానీ సేటు అనుకున్నంత కాదు. అప్పుడు మాదాపూర్ నుంచి ఒక కంపెనీ వాళ్ళు ఒక ఫారం దగ్గర నన్ను చూశారు. వాళ్ళదీ కోళ్ళ ఫారాల సాఫ్ట్‌వేరే, పెద్ద ఎత్తున. ఫారాలకు వెళ్ళి దాణా లెక్క వివరించే మనిషి కావాలన్నారు. పదహారు వేలు, పీఎఫ్, ఒకటో తారీఖు నుంచి. నాకప్పటికి నలభై దాటాయి. డిగ్రీ లేనివాణ్ణి అంత జీతానికి ఇంకెవరూ పిలవరని నాకు తెలుసు.

రాజీనామా రాసిచ్చాను. ఒప్పందంలో అడిగినట్టే ఒక నెల ముందు ఇచ్చాను, ఆ నెలంతా పని చేశాను. తర్వాత, పద్ధతి ప్రకారం, తాంబూలం కోసం చేవెళ్ల దుకాణానికి వెళ్ళాను.

సేటు త్రాసు పక్కన కూర్చుని ఉన్నాడు. కప్పు వచ్చింది, సాసర్లోకి వంచి ఇచ్చాడు.

"ఏ కంపెనీ?" అన్నాడు.

చెప్పాను. ఏ వీధిలో ఉందో కూడా చెప్పాను.

"ఎప్పటి నుంచి?"

"ఒకటో తారీఖు నుంచి సేటూ."

సేటు కాసేపు త్రాసు పళ్ళెం వేలితో ఊపుతూ ఉన్నాడు. "ఆషాఢం నడుస్తున్నది గదయ్యా. ఆషాఢంల ఎవలన్న కొత్త పనికి పోతరా? శ్రావణం రానీ. మంచి రోజు జూసి నా చేత్తోని ఇస్త. అందాక ఆగు."

"వాళ్ళు ఆగుతరో లేదో."

"లెక్కల మనిషి కోసం ఆగరా? నేను ఇన్నేండ్లు ఆగలేదా నీ కోసం?" అని నవ్వాడు. నేను కూడా నవ్వాను.

మాదాపూర్‌కు ఫోన్ చేసి మూడు వారాలు గడువు అడిగాను. ఇంటి పని ఉందని చెప్పాను. ఇచ్చారు. ఆ మూడు వారాలు పూర్తికాకముందే ఆ కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఉద్యోగాల విషయాలు చూసే అమ్మాయి, ఎప్పుడూ మర్యాదగా మాట్లాడేది.

"సర్, మీ పాత కంపెనీ లాయర్ నుంచి మాకు నోటీస్ వచ్చింది. మిమ్మల్ని తీసుకుంటే మా మీద కూడా కేసు వేస్తామని ఉంది. మీరు రిలీవింగ్ లెటర్, నో అబ్జెక్షన్ లెటర్ తెచ్చేస్తే చాలు. మాకేం ప్రాబ్లం లేదు."

అదే వారం నాకూ నోటీసు వచ్చింది. రిజిస్టర్డ్ పోస్టులో. తొమ్మిదో పేజీ అందులో మొత్తం ఎక్కించి ఉంది.

మా ఆవిడ దాన్ని తిరగేసి చూసింది. "కంపెనీకి గూడ నువ్వు చెప్పి వొచ్చిన అడ్రసుకే పంపిండు గద" అంది. "ఎవలన్న దొంగకు తాళంచెవి ఏడ వెట్టిన్నో చెప్పొస్తరా?"

"ఆయన దొంగ గాదే. పద్ధతి."

"పద్ధతి నీది. నోటీసు ఆయనది."

నేను మొయినాబాద్ వెళ్ళాను. సేటు కనిపించలేదు. చేవెళ్ల వెళ్ళాను. దుకాణంలో ఉండి కూడా లోపలి గదిలోంచి రాలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. శ్రావణం వస్తే ఇస్తానన్న మాట నిలబెట్టుకుంటాడని శ్రావణం దాకా ఆగాను. శ్రావణం మొదటి శుక్రవారం కూడా వెళ్ళాను. గద్దె మీద ఆయన అల్లుడున్నాడు. "మామ లేడు, కాగితాల సంగతి వకీలుతోని మాట్లాడుకోమన్నడు" అన్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే ఎక్కువ బాధ కలిగించేది ఆ నోటీసు కాదు. ఆ నెలంతా నేను ఏం చేశానన్నది. ముగ్గురు ఫారం రైతులు ఇంటికొచ్చి, ఈ బ్యాచికి దాణా లెక్క వేసిపెట్టమన్నారు, డబ్బులిస్తామన్నారు. వద్దన్నాను. 'సొంతంగానూ చేయకూడదు' అని ఉంది కదా. యాభై కిలోమీటర్ల లోపలే కదా వాళ్ళ ఫారాలు. కోర్టు ఇంకా ఏమీ అనలేదు. సేటు వచ్చి ఆపలేదు. ఆ పేరాను నా మీద నేనే అమలు చేసుకున్నాను.

చేవెళ్ల కోర్టు ఎదురుగా ఒక దుకాణపు మడిగెలో వకీలు సాబ్ ఉండేవాడు. వయసులో నాకంటే చిన్నవాడు. పద్నాలుగు పేజీలూ చదివాడు. తొమ్మిదో పేజీ దగ్గర ఆగలేదు, ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఈ పేరా జూసేనా అన్నా భయపడ్డది?"

"సంతకం నాదే గద సార్."

"సంతకం నీదే. కానీ నువ్వు సంతకం పెట్టినవా లేదా అని చట్టం చూడదు. ఇది చెల్లదని చట్టమే చెప్పింది. కాంట్రాక్టు చట్టం, ఇరవై ఏడో సెక్షన్. మనిషి న్యాయంగ చేసుకునే పనికి, వ్యాపారానికి అడ్డం పడే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. బ్రిటిషోళ్ళు ఉన్నప్పటి నుంచి ఉన్నది ఆ ముక్క."

"రెండేండ్లు ఎక్కువని చెల్లదా? ఏడాదని రాస్తే?"

"ఆరు నెలలు రాసినా అంతే. వేరే దేశాలల్ల ఎంత కాలం, ఎంత దూరం అని తూకం వేస్తరు. న్యాయంగుంటే ఆపుతరు. మన దగ్గర నౌకరి ఇడిసిపెట్టినంక ఆ తూకమే వెయ్యరు. మనిషి బయటికి వొచ్చిండా, ఆ పేరా పని అయిపోయింది."

"మరి ఎందుకు రాస్తరు సార్?"

"నీ అసోంటోళ్ళు ఉన్నరు గదా, ఆగనీకి" అని నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు. తర్వాత నన్ను అడగడం మొదలుపెట్టాడు. అవి ఎందుకు అడుగుతున్నాడో ఒక్కొక్కటే చెప్పాడు.

రాజీనామా ఇచ్చి నెల పూర్తి చేశానా? చేశాను. మంచిది, పనిలో ఉండగానే ఇంకొకరికి పని చేసి ఉంటే ఆ అడ్డు చెల్లేది. కట్టుబడిన కాలం మధ్యలో వదిలేసిపోతే కూడా కొన్నిసార్లు కోర్టు ఆపుతుంది.

దుకాణం ఏదైనా నాదిగా ఉండి, దాని పేరూ గిరాకీ సహా సేటుకు అమ్మానా? లేదు. అమ్మి ఉంటే ఆ చుట్టుపక్కల అదే వ్యాపారం పెట్టనని ఇచ్చిన మాట నిలిచేది. దానికి చట్టంలోనే చోటుంది. గుమాస్తాకు అది వర్తించదు.

"కోర్సుకు పంపిండు అన్నవు. దానికి బాండు ఉన్నదా?"

"ఏడాది ఉన్నది. ఏడాది అయిపోయి ఏడాదిన్నర అయింది."

"గట్లనా. మధ్యల వదిలిపోతే, నీ మీద పెట్టిన ఖర్చు మేరకు అడగొచ్చు. పైసలు అడగొచ్చు గని పని చెయ్యొద్దు అనలేడు. నీది తీరిపోయింది." కళ్ళజోడు తీసి పెట్టాడు. "ఇగ అసలుది. ప్రోగ్రాం సీడీ తెచ్చుకున్నవా? ఫారాలోళ్ళ లిస్టు, రేట్లు, ఏమన్న కాగితం?"

"ఏమీ లేదు సార్."

"నిజం చెప్పు. దాన్ని మాత్రం ఆపొచ్చు. రహస్యం బయటపెట్టను అన్న పేరా పదో పేజీల ఉన్నది, అది నిలబడుతది, నౌకరి ఇడిసినంక గూడ."

"నా దగ్గర ఉన్నది దాణా లెక్క ఒక్కటే. అది సేటు దగ్గర చేరకముందు కొంత, చేరినంక కొంత, బుర్రలోనే ఉన్నది."

"నేర్చుకున్న పని నీది. దాన్ని ఇక్కడ ఇడిసిపెట్టి పో అనడానికి ఏ కోర్టుకూ వీలుగాదు."

సేటుకూ, ఆయన వకీలుకూ జవాబు నోటీసులు పంపాడు. మాదాపూర్ వాళ్ళకు కూడా రాశాడు: చెల్లని ఒప్పందాన్ని భంగం చేయించారని ఎవరి మీదా దావా నిలవదు, భయపడకండి అని. ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "సర్, మా లీగల్ వాళ్ళు కూడా అదే అన్నారు. కానీ రిలీవింగ్ లెటర్ లేకుండా సిస్టమ్‌లో జాయినింగ్ ఎక్కదు సర్. కొంచెం మీ సర్‌తో మాట్లాడి..." అంది.

సేటు మాత్రం కోర్టుకే వెళ్ళాడు. నన్ను ఆపమని దావా, దాంతోపాటు దావా తేలేదాకా తాత్కాలికంగా ఆపమని ఒక అర్జీ. ఆ అర్జీ మీద వాయిదాలు పడుతూ వచ్చాయి. స్కూటరు అమ్మింది అప్పుడే. మా ఆవిడ టైలరింగ్ మిషన్ ముందు కూర్చుని, "రోజూ కోర్టుకు నడిచి పోతే ఒంటికి మంచిదేలే" అంది. నవ్వించాలనే అంది.

అర్జీ విన్న రోజు నాకు బాగా గుర్తుంది. పెద్ద గొడవేం లేదు. ముందు ఒక భూమి తగాదా, తర్వాత మాది. సేటు తరపు వకీలు, రెండేళ్ళే కదా, యాభై కిలోమీటర్లే కదా, న్యాయమైన హద్దే కదా అని చెప్పుకొచ్చాడు. జడ్జిగారు ఒప్పందం తిప్పుతూ అడిగారు.

"ఈయన ఇప్పుడు మీ ఉద్యోగంలో ఉన్నారా?"

"లేరండి. రాజీనామా ఇచ్చారు."

"మీ ప్రోగ్రాం గానీ, ఖాతాదారుల జాబితా గానీ తీసుకెళ్ళారని చూపించారా?"

"తీసుకెళ్తారేమోనని మా అనుమానమండి."

"ఉద్యోగం మానేసిన మనిషిని పని చేయకుండా ఆపమంటున్నారు. హద్దు న్యాయమైనదా కాదా అన్న ప్రశ్న అక్కడ రాదు."

కొన్ని రోజులకు ఉత్తర్వు వచ్చింది. అర్జీ కొట్టేశారు. ఒప్పందంలోని రహస్యాల పేరాకు నేను కట్టుబడి ఉంటానన్న నా మాటను మాత్రం అందులో రాసుకున్నారు. అది నేను ముందే వకీలు సాబ్‌తో చెప్పించిన మాటే. తర్వాత సేటు దావా కూడా నడపలేదు. హాజరు కాక అది అట్లాగే పోయింది.

ఉత్తర్వు నకలు తీసుకుని బస్సెక్కి మాదాపూర్ వెళ్ళాను. ఫోన్‌లో విన్న అమ్మాయిని మొదటిసారి చూశాను. చాలా చిన్న పిల్ల. నకలు పూర్తిగా చదివింది, "కంగ్రాట్స్ సర్" అంది. తర్వాత టేబుల్ మీది పెన్ను అటూ ఇటూ జరిపింది.

"ఆ పోస్ట్ నాలుగు నెలల కింద ఫిల్ అయింది సర్. మీ రెజ్యూమే మా దగ్గరే ఉంటుంది."

ఉంటుందని నాకూ తెలుసు. కిందికి దిగి, లిఫ్ట్ పక్కన కాపలా ఉన్నతన్ని మంచినీళ్ళడిగి తాగి, బస్సెక్కాను.

వకీలు సాబ్ దగ్గర కూర్చుని, నష్టం అడగొచ్చా అన్నాను. "ఏండ్లు పడుతది అన్నా. ఆ ఉద్యోగం ఆయన వల్లనే పోయిందని రుజువు చెయ్యాలె. వాళ్ళు నీకు గడువు ఇచ్చిన్రు, నువ్వే ఆగినవ్. ఆగమన్నది ఎవరు అంటే ఏం చెప్తవ్? ఆషాఢం అంటవా?" అన్నాడు. తర్వాత మెల్లగా, "నోటీసు వొచ్చిననాడే నా దగ్గరికి వొచ్చినా సగం పని అయ్యేది. చెప్పకుండ పోయినా అయ్యేది" అన్నాడు.

తొమ్మిదో నెలలో అజీజ్‌నగర్‌లో ఫాంహౌస్‌ల లెక్కలు చూసే పని దొరికింది. కాపలావాళ్ళ జీతాలు, తోటమాలుల జీతాలు, కరెంటు బిల్లులు, ఈత కొలనుకు నీళ్ళ ట్యాంకర్లు. ఇన్నేళ్ళూ అవే చేశాను. సాయంత్రాలు రైతులకు దాణా లెక్క వేసిపెట్టాను. అదే లెక్క, అవే ఊళ్ళు. ఎవరూ ఆపలేదు. సేటు కూడా ఆపలేదు, అప్పటికే మొయినాబాద్ గది మూసేశాడు. కాలేజీ కుర్రాళ్ళిద్దరూ పట్నం పోయారు. వాళ్ళు తాంబూలం అడగలేదు, రిలీవింగ్ లెటర్ కంప్యూటర్లో వాళ్ళే కొట్టుకుని సేటు చేత సంతకం పెట్టించుకున్నారని తర్వాత తెలిసింది. ఆయన చదవకుండానే పెట్టాడట.

చాలా ఏళ్ళ తర్వాత ఒక చలికాలం పొద్దున చేవెళ్లలో టమాటాల మార్కెట్ దగ్గర సేటు పిలిచాడు. గొంతు విని ఆగాను.

"ఏం లెక్కలు, చాయ్ తాగినవా?"

దుకాణంలోకి వెళ్ళాను. ఆయన మనిషి సగమయ్యాడు. త్రాసు పోయి కరెంటు కాంటా వచ్చింది. కప్పు వచ్చింది. సాసర్లోకి వంచడం ఈసారి నేనే చేశాను.

"నాకప్పుడు భయమైందయ్యా" అన్నాడు. "ఫారాలోళ్ళంత నీ మొకం జూసి కొంటున్రు. నా మొకం జూసి గాదు. నువ్వు పోతే వాళ్ళు పోతరని. కన్సల్టెంట్ ఏమో కాగితం ఉన్నది గద, నోటీసు ఇయ్యి అన్నడు. ఇచ్చిన."

"చెల్లదని తెల్వదా సేటూ?"

"నాకేం తెలుసు? నీకు తెలుసా?"

తెలియదు. ఇద్దరికీ తెలియని దాని మీద ఇద్దరం సంతకాలు పెట్టాం.

"నువ్వు చెప్పకుండ పోయి ఉంటే నాకు ఏ కంపెనీయో గూడ తెలువకపోవు" అన్నాడు సేటు. "చెప్పినవ్. అది ఒక్కటే నువ్వు జేసిన తప్పు." తప్పు అన్న మాట ఆయన తిట్టినట్టు అనలేదు. చాలా మెచ్చుకోలుగా అన్నాడు.

గల్లాపెట్టె తెరిచాడు. లోపల వెతికాడు. పక్క కొట్టు నుంచి రెండు ఆకులు, వక్క తెప్పించాడు. వాటి మీద రూపాయి పెట్టి, మళ్ళీ వెతికాడు.

"పావలా ఏడిది ఇప్పుడు" అన్నాడు. "బిళ్ళలే బందయినై. రెండు రూపాయలు తీస్కో."

"రెండు తీసుకుంటే ముప్పావలా నేను మీకు బాకీ పడత సేటూ."

ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. "పాతయి ఇంట్ల పూజ డబ్బాల ఉండాలె. ఎతికి పెడ్త. మల్ల వొచ్చినప్పుడు చేతికిస్త" అని ఆకులు, రూపాయి మళ్ళీ గల్లా పక్కన పెట్టాడు. రెండు రూపాయలు తీసుకుని లేచి ఉంటే ఏం పోయేది? కానీ అప్పుడు లెక్క సరిగా తేలాలనిపించింది. ఆషాఢంలో ఆగినట్టే ఆ రోజూ ఆగాను.

మళ్ళీ వెళ్ళేసరికి దుకాణం మీద మొబైల్ ఫోన్ల బోర్డు ఉంది. అల్లుడు శంకర్‌పల్లి వైపు వెళ్ళిపోయాడన్నారు. సేటు ఆ చలికాలంలోనే పోయాడన్నారు.

నాకు రావలసింది ఇంకా ఉంది: రూపాయి పావలా.